డబ్బు ముందు నీ ఖాతాలో దిగాలి

జగిత్యాల

గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలకు,

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయినవాణ్ని. మన జిల్లాల బ్రాంచుల్లో ఉద్యోగమంటే సగం గల్ఫ్ పాస్‌బుక్కులతోనే గడిచేది. దుబాయి నుంచి, షార్జా నుంచి నెలనెలా డబ్బు వచ్చేది. వచ్చిన మూడో రోజుకే ఖాతా ఖాళీ అయ్యేది. పదేళ్లు పనిచేసి తిరిగొచ్చినవాడు తన పేరు మీద ఒక్క డిపాజిట్టూ లేకుండా కౌంటర్ ముందు నిలబడితే, అతని తండ్రి ఖాతా పుస్తకంలో మాత్రం లక్షలు వచ్చిపోయిన గుర్తులు కనిపించేవి. ఎవరూ దొంగతనం చేయలేదు. ఇంట్లోవాళ్లు దుబారా మనుషులూ కారు. డబ్బు నడిచే దారే అలా ఉంది.

ఆ దారి గురించే ఈ ఉత్తరం. దుబాయి, అబుదాబి, షార్జాల్లో ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని దిర్హాముల్లో లెక్క చెబుతాను. సౌదీ, ఖతర్ పిల్లలు తమ రియాళ్లలోకి మార్చుకుంటే సరిపోతుంది. ఎందుకంటే ఈ మూడు దేశాల కరెన్సీలూ డాలరుకు కట్టేసి ఉన్నాయి. ఒక డాలరుకు 3.6725 దిర్హాములు, సౌదీ రియాళ్లయితే 3.75. ఇది ఏళ్ల తరబడి మారలేదు. కువైట్ దీనారు మాత్రం ఒక్క డాలరుకు కాకుండా కొన్ని కరెన్సీల కలగలుపుకు ముడిపడి ఉంటుంది. కాబట్టి కువైట్‌లో ఉన్న కడప, కోనసీమ వాళ్లకు రేటు కదలిక కొంచెం వేరుగా ఉంటుంది. దిర్హాముకు ఇవాళ ఎన్ని రూపాయలు అని నువ్వు అడిగినప్పుడల్లా నిజానికి అడుగుతున్నది డాలరుకు ఎన్ని రూపాయలు అనే. అక్కడి షేకుకూ మీ కంపెనీకీ దానితో సంబంధం లేదు.

లెక్క కోసం ఒక పిల్లవాణ్ని అనుకుందాం. ఊరు కోరుట్ల పక్కన. షార్జాలో ఏసీ మెకానిక్. జీతం 2,600 దిర్హాములు, అందులో బేసిక్ 1,400. రూము కంపెనీది. మెస్సుకు 400, ఫోనుకు 100, సబ్బులూ టీలూ బస్సు కార్డూ కలిపి 150. అంటే నెలకు 650 ఖర్చు, 1,950 మిగులు. వీసాకు ఏజెంటుకు కట్టడానికి ఊళ్లో తెచ్చిన అప్పు లక్షా యాభై వేలు, రెండు రూపాయల మిత్తి. ఇంట్లో అమ్మ, బాపు, చదువుకునే చెల్లెలు.

మామూలుగా ఈ పిల్లవాడు ఏం చేస్తాడు? జీతం పడ్డ మర్నాడు 1,800 దిర్హాములు బాపు ఖాతాకు పంపుతాడు. రేటు 22.70 ఉన్న రోజుల్లో ఇంటికి 40,860 రూపాయలు వచ్చేవి. రేటు 24.40 అయ్యాక అవే 1,800 దిర్హాములు 43,920 అయ్యాయి. ఈ మూడు వేల పైచిలుకు ఎక్కడికి పోయిందని ఇంట్లో ఎవరినైనా అడిగి చూడు, ఎవరూ చెప్పలేరు. కూరగాయల్లోనో, చుట్టాల పెళ్లి చదివింపుల్లోనో కలిసిపోయి ఉంటుంది. రూపాయి పడిపోయినందుకు వచ్చిన లాభం నీ చెమటకు దక్కాల్సింది. అది నీకు కనిపించకుండానే కరిగిపోతుంది.

నేను చెప్పే పద్ధతి వేరు. నీ పేరు మీద ఒక ఎన్.ఆర్.ఇ. ఖాతా తెరువు. షార్జా నుంచి ప్రతి నెలా ఒకే మొత్తం, దిర్హాముల్లో, ఆ ఖాతాకు పంపు. అక్కడి నుంచి ప్రతి నెలా ఒకే మొత్తం, రూపాయల్లో, అమ్మ ఖాతాకో బాపు ఖాతాకో వెళ్లేలా బ్యాంకుకు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వు. నీ వైపు దిర్హాములు మారవు, ఇంటి వైపు రూపాయలు మారవు. రేటు పెరిగినా తగ్గినా ఆ ఒడిదుడుకంతా మధ్యలో ఉన్న నీ ఖాతా మీదే పడుతుంది. పెరిగిన రోజున నీ పొదుపు పెరుగుతుంది, తగ్గిన రోజున నీ పొదుపే ఆ దెబ్బ కాచుకుంటుంది. ఇంట్లో బియ్యం, మందులు, చెల్లెలి ఫీజు మాత్రం ఆగవు.

తగ్గడం కూడా ఉంటుందా అని నవ్వకు. 2007లో ఏడాది మొదట 44 రూపాయలున్న డాలరు ఏడాది చివరికి 40 లోపుకు వచ్చింది. దిర్హాము 12 నుంచి 11 కిందికి దిగింది. జీతం పెరగలేదు, ఇంటికి చేరే డబ్బు మాత్రం పదో వంతు తగ్గింది. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో నెల చివర చేబదుళ్లు మొదలయ్యాయి.

మన మెకానిక్ లెక్కకు వద్దాం. 1,950లో 250 అక్కడే జీతం ఖాతాలో ఉంచుకుంటాడు. ఎందుకన్నది తర్వాత చెబుతాను. మిగిలిన 1,700 ఎన్.ఆర్.ఇ.కి వెళ్తుంది. చార్జీలు పోను దాదాపు 40,700 రూపాయలు దిగుతాయి. అందులోంచి ఇంటికి 30,000. ఇందులో ఇల్లు గడవడానికి 24,000, అమ్మ బీపీ షుగరు మందులకు 3,000, మిత్తి 3,000. ఖాతాలో మిగిలేది 10,700.

ఆ మిగిలినదాన్ని చూసి వెంటనే ఫిక్సెడ్ డిపాజిట్ చేద్దామని ఉబలాటపడొద్దు. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి నూటికి 24. లక్షా యాభై వేల మీద ఏడాదికి 36,000. అదే డబ్బు బ్యాంకులో ఏడు శాతానికి వేస్తే వచ్చేది పదివేల చిల్లర. అప్పు ఉన్నంతకాలం నీకు దొరికే అన్నిటికంటే మంచి డిపాజిట్ ఆ అప్పు తీర్చడమే. నెలకు 10,700 చొప్పున అసలు కడుతూ, అసలు తగ్గే కొద్దీ మిగిలే మిత్తిని కూడా అసలుకే కలుపుతూ పోతే పదమూడు నెలల్లో తీరిపోతుంది. అసలు కట్టిన ప్రతిసారీ నోటు వెనక రాయించుకోమని బాపుకు చెప్పు. నోటి మాట మీద మిత్తే జమ అవుతుంది, అసలు అలాగే ఉంటుంది. ఇంట్లో నగలు ఉన్నవాళ్లు ఈ అప్పును మొదట్లోనే బ్యాంకు గోల్డ్ లోన్‌లోకి మార్చుకుంటే మిత్తి దాదాపు సగానికి పడుతుంది. మన ఆడవాళ్లు దీనికి సులువుగా ఒప్పుకోరు, అది నాకు తెలుసు. అయినా ఒకసారి అడిగి చూడు.

ఇక చార్జీల సంగతి. ఎక్స్ఛేంజ్ అద్దం మీద రాసిన ఫీజు ఒక్కటే ఖర్చనుకుంటారు. రెండో ఖర్చు రేటులో దాగి ఉంటుంది. మార్కెట్లో దిర్హాము 24.40 ఉన్న రోజున ఒక ఎక్స్ఛేంజ్ 24.25 రేటు ఇచ్చి 20 దిర్హాముల ఫీజు తీసుకుంటుందనుకో. ఫీజు మీద 5 శాతం వ్యాట్ కలిస్తే 21. ఇంకో యాప్ ఫీజే లేదంటుంది, రేటు మాత్రం 23.95 ఇస్తుంది. ఏది మేలు?

నీ చేతిలోంచి పోయేది మొత్తం 1,250 దిర్హాములైతే, మొదటి చోట ఫీజు తీసేసి 1,229 మారతాయి. ఇంటికి 29,803 రూపాయలు చేరతాయి. ఫీజు లేని చోట 29,937 చేరతాయి. ఫీజు లేనిదే గెలిచింది. అదే 2,500 పంపితే మొదటి చోట 60,115, రెండో చోట 59,875. ఇప్పుడు ఫీజున్న చోటే నయం. ఈ రేట్లకు రెండూ సమానమయ్యేది 1,700 దగ్గర. అంటే మన మెకానిక్‌కు ఎక్కడైనా ఒకటే, కాబట్టి నమ్మకంగా, త్వరగా చేరేది చూసుకుంటే చాలు. రేట్లు రోజూ మారతాయి కాబట్టి నా అంకెలను బట్టీ పట్టొద్దు. నువ్వు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నా జేబులోంచి మొత్తం ఇన్ని దిర్హాములు పోతే, అక్కడ ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయి? ఈ ప్రశ్నకు కౌంటర్లో కూర్చున్నవాడు ఒక్క అంకెతో జవాబు చెప్పాలి. రెండు చోట్ల అడిగితే తేలిపోతుంది. కొత్తగా చేరినవాళ్లకు యాప్‌లు మొదటిసారి అదిరిపోయే రేటిస్తాయి. పోల్చాల్సింది రెండోసారి ఇచ్చే రేటును.

అన్నిటికంటే ఎక్కువ నష్టం వారానికోసారి కొంచెం కొంచెం పంపేవాళ్లది. ఫీజున్న చోట 300 దిర్హాములు పంపితే చేరేది 6,765 రూపాయలు. మార్కెట్ రేటు ప్రకారం అవి 7,320. ఒక్కసారికి 550 రూపాయలు పోయినట్టు. నెలకు నాలుగుసార్లు పంపితే అమ్మ మందుల డబ్బులో ముప్పాతిక వంతు అక్కడే ఆగిపోతుంది. "బాపు ఫోన్ చేసి అడిగాడు, పంపాను" అంటారు. ఇంటికి నెలకొక తేదీ ఖాయంగా ఉంటే ఆ ఫోన్లు తగ్గుతాయి.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: రేటు కోసం ఆగాలా? 2013 ఆగస్టు గుర్తున్నవాళ్లు మీలో కొందరైనా ఉంటారు. జులై చివర 60 దగ్గరున్న డాలరు ఆగస్టు 28కల్లా 68 దాటింది. దిర్హాము 16 చిల్లర నుంచి 18 రూపాయల 70 పైసలకు ఎగిసింది. కొందరు అక్కడి బ్యాంకుల్లో అప్పు తీసి మరీ పంపారు. ఇంకొందరు ఇరవై అవుతుందని జీతం పట్టుకుని కూర్చున్నారు. అక్టోబరుకల్లా దిర్హాము మళ్లీ 17 దగ్గరికొచ్చింది. ఆగినవాళ్లు ఆగినట్టే ఉండిపోయారు. అప్పు తీసినవాళ్లు రెండు మూడేళ్లు కిస్తులు కట్టారు.

దూరంగా చూస్తే లెక్క ఇలా ఉంటుంది. 2014లో దిర్హాము 16న్నర చుట్టూ ఉండేది. 2024లో 22.80 చుట్టూ ఉంది. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటినప్పుడు దిర్హాము 24న్నర తాకింది. 2014 నుంచి 2024 వరకు సగటు తీస్తే ఏడాదికి 3 శాతం చిల్లర పెరుగుదల. ఆ లెక్కన ఒక నెల ఆగితే సగటున ఆరేడు పైసలు కలిసొస్తాయి. 1,700 దిర్హాముల మీద అది నూటపది రూపాయలు. ఆ నెల ఇంట్లో డబ్బు చాలక నలభై వేలు రెండు రూపాయల మిత్తికి తెస్తే 800 పోతాయి. ఇది తెలిశాక రోజూ పొద్దున లేచి రేటు చూసుకునే అలవాటు మానొచ్చు. అయితే ఒక చిన్న జాగ్రత్త మాత్రం పనికొస్తుంది. శని, ఆదివారాల్లో కరెన్సీ మార్కెట్ మూసి ఉంటుంది. సోమవారం ఎలా తెరుచుకుంటుందో తెలియదు కాబట్టి ఎక్స్ఛేంజ్‌లు తమ మార్జిన్ కొంచెం పెంచుకుంటాయి. వారం మధ్యలో పంపితే ఆ పైసలు మిగులుతాయి.

హుండీ గురించి మాట్లాడకుండా ఈ ఉత్తరం పూర్తి కాదు. క్యాంపులో ఎవడో ఒకడు ఉంటాడు. ఎక్స్ఛేంజ్ కంటే ముప్పై నలభై పైసలు ఎక్కువ ఇస్తానంటాడు, ఫీజు లేదంటాడు, గంటలో ఇంటికి చేరుస్తానంటాడు. చేరుస్తాడు కూడా. అందుకే నమ్ముతారు. ఇది ఫెమా చట్టానికి విరుద్ధమన్న సంగతి అలా ఉంచు. ఇంతకుముందు హుండీ డబ్బు నోట్లుగా ఇంటికొచ్చేది. ఇప్పుడు బాపు ఖాతాలోకే, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పేరుతో, యూపీఐలోనో ఐ.ఎం.పి.ఎస్.లోనో పడుతోంది. ఆ తెలియని మనిషి ఖాతాలోకి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? సైబర్ మోసంలో ఎవరో పోగొట్టుకున్న డబ్బయితే, పోలీసులు ఆ గొలుసు వెంట వస్తారు. బాపు ఖాతా ఆగిపోతుంది. కేసు ఏ రాష్ట్రంలో పెట్టారో అక్కడి పోలీసులతో మాట్లాడాలి. ఆ డబ్బు తన కొడుకు సంపాదన అని నిరూపించడానికి ఆ ముసలాయన దగ్గర ఒక్క కాగితం ఉండదు. నలభై పైసల చొప్పున 1,700 దిర్హాముల మీద మిగిలింది 680 రూపాయలు. నువ్వు హుండీ వాడకపోయినా, నీ రూమ్మేటు చెప్పాడని ఏదో చౌక యాప్ పట్టుకున్నావేమో ఒకసారి చూసుకో. ఇంటి పాస్‌బుక్కులో జమ ఎదురుగా ఎక్స్ఛేంజ్ పేరో బ్యాంకు పేరో ఉండాలి. ప్రతి నెలా ఒక కొత్త మనిషి పేరు కనిపిస్తే అది హుండీయే, యాప్ ఎంత అందంగా ఉన్నా సరే.

ఎన్.ఆర్.ఇ. ఖాతా అనగానే అది అమెరికా సాఫ్ట్‌వేర్ వాళ్ల సంగతి అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. కాదు. ఉద్యోగానికి విదేశం వెళ్లినవాడెవడైనా తెరవొచ్చు. నిజానికి నువ్వు వెళ్లిపోయాక ఇక్కడి పాత సేవింగ్స్ ఖాతాను మామూలు ఖాతాగా కొనసాగించకూడదు. బ్యాంకుకు చెప్పి దాన్ని ఎన్.ఆర్.ఓ.గా మార్పించుకోవాలి. అక్కడి సంపాదన కోసం ఎన్.ఆర్.ఇ. విడిగా తెరవాలి. దీని మీద వచ్చే వడ్డీకి నువ్వు ప్రవాసిగా ఉన్నంతకాలం ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. అవసరమైతే డబ్బు మళ్లీ బయటికి తీసుకెళ్లొచ్చు. ఒక పరిమితి ఉంది. ఇందులో ఇక్కడి రూపాయల నగదు కట్టకూడదు. బాపు దగ్గర మిగిలిన డబ్బు తిరిగి ఇందులో వేయడమూ కుదరదు. బయటి నుంచి వచ్చిన డబ్బే ఇందులోకి చేరాలి. అందుకే క్రమం ముఖ్యం. ముందు నీ ఖాతా, ఆ తర్వాత ఇల్లు. ఇంటికి వెళ్లిన డబ్బు వెనక్కి రాదు.

ఎన్.ఆర్.ఇ. ఫిక్సెడ్ డిపాజిట్ కనీసం ఏడాదికి వేయాలి. ఏడాది నిండకముందే తీస్తే వడ్డీ అసలే రాదు. ఇక్కడి మామూలు డిపాజిట్ అనుకుని ఆరు నెలలకు తీసి, వడ్డీ ఏదని గొడవపడ్డవాళ్లున్నారు. కాబట్టి ఇంటికి వెళ్లాల్సిన మూడు నెలల మొత్తాన్ని, మన లెక్కలో 90,000, సేవింగ్స్‌లోనే ఉంచి ఆపైన ఉన్నదే డిపాజిట్ చెయ్యి. ఒక నెల జీతం ఆలస్యమైనా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఆగదు. అమ్మకు తెలియను కూడా తెలియదు.

నీకు ఏమైనా అయితే ఇంట్లోవాళ్లు ఇబ్బంది పడకుండా బాపునో అమ్మనో ఈ ఖాతాలో 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో రెండో పేరుగా పెట్టుకోవచ్చు. నువ్వున్నంతకాలం ఖాతా నీదే, నీ తర్వాత డబ్బు వాళ్లు తీసుకోవచ్చు. నామినీ కూడా రాయించు. పెళ్లయ్యాక ఆ పేరు మార్చాలన్నది చాలామందికి గుర్తురాదు.

ఇప్పుడు ఇంట్లో మాట్లాడే సంగతి. లెక్కల కంటే ఇదే కష్టం. నలభై వేలకు అలవాటుపడ్డ ఇంటికి ముప్పై పంపుతానంటే బాపు ముందు అనేది నాకు తెలుసు. "పక్కింటోని కొడుకు యాభై పంపుతుండట" అంటాడు. పంపేది తగ్గిస్తున్నానని మొదలుపెట్టకు. లెక్కతో మొదలుపెట్టు. "బాపూ, నెలకు ఇంట్లో ఏమేం ఖర్చవుతుందో చెల్లెతో కాగితం మీద రాయించు. అది ఐదో తారీఖుకల్లా నీ ఖాతాలో పడుతుంది, ఏ నెలా తప్పదు. పెళ్లికో ఆస్పత్రికో కావాల్సి వస్తే విడిగా పంపుతా. మిగిలింది అప్పుకు కడుతున్నా." మొదటి నెల కాగితం మీద రాసింది తక్కువే వస్తుంది, నమ్మొద్దు. పండుగలు, ఎరువులు, కరెంటు బిల్లు మరిచిపోతారు. మూడు నెలలు చూసి అంకె ఖాయం చెయ్యి. ఆ తర్వాత ఏడాదికోసారి, ఉగాదికో నువ్వు సెలవు మీద వచ్చినప్పుడో, ధరలు పెరిగినంత పెంచు. రేటు పెరిగిందని మాత్రం పెంచకు.

నా సొంత అభిప్రాయం ఒకటి. అమ్మకు ఖాతా ఉంటే అమ్మ ఖాతాకే పంపు. బాపు మంచివాడే. కానీ ఊళ్లో బెల్టు షాపు ఇంటికి దగ్గర, బ్యాంకు దూరం.

తల్లిదండ్రులకు పంపిన డబ్బు మీద వాళ్లకు పన్ను పడుతుందేమోనన్న భయం అక్కర్లేదు. కొడుకో కూతురో పంపింది దగ్గరి బంధువు ఇచ్చింది కిందే వస్తుంది, దాని మీద పన్ను లేదు. కానీ ఆ డబ్బును బాపు తన పేర డిపాజిట్ చేస్తే దాని వడ్డీ బాపు ఆదాయమే. ఇంతకంటే పెద్ద సంగతి వేరే ఉంది. ఆ డిపాజిట్టూ, ఆ డబ్బుతో బాపు పేర కొన్న ప్లాటూ చట్టం ముందు బాపువే. ఆయన వీలునామా రాయకుండా పోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకూ, కొడుకులకూ, కూతుళ్లకూ, బతికి ఉంటే నాయనమ్మకూ సమాన వాటా. డిపాజిట్‌కు నామినీగా నీ పేరు ఉన్నా, నువ్వు ఆ డబ్బును మిగతావాళ్ల తరఫున అందుకున్నవాడివే తప్ప ఒక్కడివే సొంతదారువు కావు. "పంపింది నేనే కదా" అన్న మాట అక్కడ చెల్లదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కౌంటర్ ముందే మాట్లాడుకోవడం మానేసిన రోజులు చూశాను. అందులో ఎవరి తప్పూ లేదు. ఇంటి ఖర్చుకు పంపింది ఇంటికి ఇచ్చినట్టు, తోబుట్టువులకు పెట్టింది పెట్టినట్టు. నీ పొదుపు అనుకున్నది మాత్రం మొదటి రోజు నుంచే నీ పేరు మీద ఉండాలి.

ఆ పొదుపు ఎందుకు అంత ముఖ్యమో నీ అగ్రిమెంటు కాగితమే చెబుతుంది. అక్కడ నీకు పెన్షన్ లేదు. కంపెనీ వదిలేటప్పుడు వచ్చేది గ్రాట్యుటీ. ఎమిరేట్స్‌లో మొదటి ఐదేళ్లకు, ఏడాదికి 21 రోజుల జీతం చొప్పున. జీతమంటే మొత్తం 2,600 కాదు, బేసిక్ 1,400. అంటే ఏడాదికి 980 దిర్హాములు, ఐదేళ్లకు 4,900. 24.40 రేటుకు లక్షా ఇరవై వేల లోపే. ఐదేళ్లు ఎండలో డాబాల మీద ఏసీలు బిగించినదానికి చివర్లో దక్కేది అది. కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు మొత్తం జీతం ఎంతని కాకుండా బేసిక్ ఎంతని అడగాల్సింది ఇందుకే.

అక్కడే ఉంచుకోమన్న నెలకు 250 సంగతి. మూడు నెలల సొంత ఖర్చు, ఒక టికెట్టు కలిపి దాదాపు మూడు వేల దిర్హాములు అక్కడి ఖాతాలో ఉండాలి. ఏడాదిలో అది సమకూరుతుంది. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కునే రోజుల్లో ఇంటి నుంచి డబ్బు తెప్పించుకునే పరిస్థితి రాకూడదు. నిరుద్యోగ బీమా, అక్కడ ఐ.ఎల్.ఓ.ఇ. అంటారు, తప్పనిసరి. మీ స్థాయి జీతాలకు నెలకు ఐదు దిర్హాములు. ఏడాది కట్టినవాళ్లకు ఉద్యోగం పోతే బేసిక్‌లో 60 శాతం చొప్పున మూడు నెలల వరకు వస్తుంది. మన మెకానిక్‌కు నెలకు 840 అన్నమాట. రాజీనామా చేసినవాళ్లకూ, క్రమశిక్షణ కింద తీసేసినవాళ్లకూ రాదు. ఆ మూడు వేలు నిండాక అదే 250 ఎన్.ఆర్.ఇ.కి మళ్లించు. అప్పటికి అప్పు కూడా తీరే దశకొస్తుంది. ఇంటికి పంపే ముప్పైలో మిత్తి మూడు వేలు తగ్గుతాయి, అసలు కట్టే 10,700 ఆగుతుంది. నెలకు దాదాపు 20 వేలు నీ పేర నిలవడం మొదలవుతుంది. ఏడాదికి రెండు లక్షల పైన.

ఈసారి సెలవు మీద వచ్చినప్పుడు ఒక పూట బ్యాంకుకు కేటాయించు. పాస్‌పోర్టు, వీసా పేజీ, ఎమిరేట్స్ ఐడీ, పాన్ కార్డు, అక్కడి చిరునామా ఉన్న కాగితం, ఫొటోలు పట్టుకెళ్లు. ఖాతాకు అక్కడి ఫోన్ నంబరే రాయించు. ఇక్కడి సిమ్ రీఛార్జి లేక ఆగిపోతే ఓటీపీ రాదు, కొన్నాళ్లకు ఆ నంబరు ఇంకెవరికో వెళ్తుంది. ఎమిరేట్స్ నంబరుతోనే యూపీఐ నడిచే వీలు 2023 నుంచి వచ్చింది, మీ బ్యాంకులో ఉందో లేదో అడుగు. అమ్మ పాస్‌బుక్కులో ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్ కూడా చూడు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. పాత పుస్తకం చూసి పాత కోడ్ ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలా పంపిన డబ్బు తిరిగి ఎక్స్ఛేంజ్‌కు వెళ్లి, మళ్లీ బయల్దేరేసరికి వారం పడుతుంది. బ్యాంకుకు నెల మొదటి వారంలో వెళ్లకు. పెన్షన్ల రద్దీ ఉంటుంది, నీతో కూర్చుని మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. పదిహేనో తారీఖు దాటాక, పదకొండు గంటలకు వెళ్లు.

ఉంటాను,
మీ ఊరి రిటైర్డ్ బ్యాంకు పెద్దనాన్న